కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్ అంటే ఎవరు, ఏం, ఎప్పటిలోగా చేయాలి?

పోస్టు కొంచెం పొడుగ్గా ఉంటది, తీరిక ఉన్నప్పుడు చదవండి. స్కాలర్‌షిప్ ఎక్కడో ఆగిపోయిన వాళ్లు, ఈ ఏడాది ఇంటర్వ్యూలకు పోయేవాళ్లు మాత్రం తప్పకుండా చదవండి. ఇంగ్లీష్ మాటల్ని కూడా తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నా. పైకి చదివి, అవతలి మనిషి చెవితో వినండి. తేడా అక్కడే తెలుస్తది.

నేను చెప్పేది ఒక్కటే. మనం రాసే ప్రతి లెటర్ చివర, ప్రతి మెయిల్ చివర వచ్చే "కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్" అన్న మాటను మనం వదిలేయాలి. అది పాతదని కాదు, ఫ్యాషన్ కాదని కాదు. ఆ మాట వల్ల మన పని ఆగుతోంది కాబట్టి వదిలేయాలి. దాని జాగాలో ఏం రాయాలో కూడా చెప్తా.

ముందు ఈ మాట మనకు ఎట్లా అంటుకుందో చూద్దాం. ఆశ్రమ పాఠశాలలో మనం నేర్చుకున్న మొదటి ఇంగ్లీష్ లెటర్ లీవ్ లెటరే. "యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్, ఐ యామ్ అనేబుల్ టు అటెండ్ ద స్కూల్. సో కైండ్లీ గ్రాంట్ మీ లీవ్ ఫర్ టూ డేస్ ఓన్లీ. థాంకింగ్ యూ సర్, యువర్స్ ఒబీడియంట్లీ." జ్వరం వచ్చినా, ఊళ్లో జాతరున్నా ఇదే లెటర్. తెలుగులో రాసినా అంతే. "నాయందు దయవుంచి" అని మొదలుపెట్టి "ప్రార్థిస్తున్నాను" అని ముగించినం. మన అమ్మానాన్నలు మండలాఫీసు బయట కూర్చునే ఆయనతో రాయించుకున్న అర్జీల్లోనూ చివర "తగు చర్యలు తీసుకోగలరు" అనే ఉంటది. "తగు చర్యలు" అన్నదే ఇంగ్లీష్‌లో "నీడ్‌ఫుల్" అయ్యింది. ఏది తగునో అవతలాయనే తేల్చుకోవాలి.

కాలేజీకి వచ్చినంక జిరాక్స్ షాపు ఫార్మాట్లు మొదలైనయి. మన ఇళ్లల్లో ఆఫీసుకు మెయిల్ రాసినోళ్లు మనకంటే ముందు ఎవరూ లేరు కాబట్టి, ఎట్లా రాయాలని అడగడానికి మనిషి దొరకడు. దొరికిన ఫార్మాట్‌లో పేరు మార్చి పంపిస్తం. అందులో మన తప్పేం లేదు. ఈ భాష మనం పుట్టించింది కాదు, మన తెలుగు సార్లు పుట్టించింది కూడా కాదు. "డూ ద నీడ్‌ఫుల్" అన్నది ఒకప్పుడు బ్రిటన్‌లో మామూలుగా వాడిన మాటే. ఆఫీసు ఉత్తరాల చివర "యువర్ ఒబీడియంట్ సర్వెంట్" అని సంతకం పెట్టింది కూడా వాళ్లే. ఆ ఉత్తరాల భాష ఇక్కడి కచేరీల్లోకి, ఫైళ్లలోకి వచ్చి కూర్చుంది. విచిత్రం ఏందంటే, వాళ్లే ముందు దీన్ని దులుపుకున్నారు. సర్కారు ఉత్తరాలు జనానికి అర్థం కావట్లేదని అక్కడి ట్రెజరీ శాఖ ఎర్నెస్ట్ గోవర్స్ అనే సీనియర్ అధికారితో ఒక పుస్తకమే రాయించింది. పేరు ప్లెయిన్ వర్డ్స్, 1948లో వచ్చింది. మన దగ్గర మాత్రం ఆ పాత ఉత్తరం ఇంకా ఫొటోకాపీ అవుతూనే ఉంది.

చరిత్ర అంతవరకు చాలు. ఈ మాట మనకు ఏం నష్టం చేస్తుందో ఒక నిజమైన మెయిల్ మీద చూద్దాం.

మా హాస్టల్లో డిగ్రీ రెండో సంవత్సరం చదివే తమ్ముడొకడున్నాడు. వాణ్ని అడిగే రాస్తున్నా. వాడి ఎస్టీ పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ రాలేదు. తన తోటోళ్లకు స్టేటస్ కదిలింది, వాడిది కదలలేదు. సంక్షేమ శాఖ ఆఫీసుకు ఒక మెయిల్ పెట్టాడు. సబ్జెక్ట్ లైన్‌లో "రిక్వెస్ట్, రెగ్." అని ఉంది. లోపల ఇట్లా ఉంది:

"రెస్పెక్టెడ్ సర్, విత్ రిఫరెన్స్ టు ది ఎబవ్ సైటెడ్ సబ్జెక్ట్, ఐ యామ్ టు సబ్మిట్ దట్ ఐ హావ్ నాట్ రిసీవ్డ్ మై స్కాలర్‌షిప్ అమౌంట్ టిల్ డేట్. ఐ బిలాంగ్ టు ఎ పూర్ ట్రైబల్ ఫ్యామిలీ. సో కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్ అండ్ రివర్ట్ బ్యాక్ ఎట్ ది ఎర్లియెస్ట్. థాంకింగ్ యూ ఇన్ యాంటిసిపేషన్. యువర్స్ ఒబీడియంట్లీ."

గ్రామర్ పెద్దగా తప్పు లేదు. స్పెల్లింగులు కూడా సరిగానే ఉన్నయి. ఇప్పుడు ఆ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చున్న క్లర్క్ జాగాలో మీరుండి చదవండి. ఈ పిల్లగాడు ఎవరు? ఏ కాలేజీ? ఏ సంవత్సరం స్కాలర్‌షిప్? అప్లికేషన్ నంబర్ ఎంత? అసలు అప్లై చేసిండా లేదా? ఆ మెయిల్‌లో ఏ ఒక్కదానికీ జవాబు లేదు. క్లర్క్ మంచివాడే అనుకుందాం, సాయం చేయాలనే ఉంది అనుకుందాం. అయినా ఆ మెయిల్ పట్టుకుని వాడి ఫైలు తెరవలేడు. రెండు వారాలకు జవాబొచ్చింది: "కైండ్లీ సబ్మిట్ ఫుల్ డీటెయిల్స్." అంటే నీడ్‌ఫుల్‌కు నీడ్‌ఫుల్‌తోనే జవాబు. రెండు వారాలు గాల్లో కలిసిపోయినయి.

వాడు నా దగ్గరికి వచ్చినప్పుడు మేం మెయిల్ మార్చడంతో మొదలుపెట్టలేదు. "నీడ్‌ఫుల్" అన్న మాటను కొట్టేసి, దాని జాగాలో మూడు ప్రశ్నలు కాగితం మీద రాసుకున్నం. ఎవరు చేయాలి? ఏం చేయాలి? ఎప్పటిలోగా చేయాలి?

మొదటి ప్రశ్నకే ఇద్దరం ఆగిపోయినం. ఎవరు చేయాలో తెలియాలంటే ఫైలు ఎక్కడుందో తెలియాలి. తెలంగాణలో పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఈపాస్ ద్వారా నడుస్తది. మనం ఆన్‌లైన్‌లో అప్లై చేసి, హార్డ్ కాపీలు కాలేజీలో ఇస్తం. కాలేజీ వాళ్లు వెరిఫై చేసి పైకి పంపితేనే సంక్షేమ శాఖ ఆఫీసుకు పోతది. అక్కడ మంజూరైనంక బిల్లు ట్రెజరీకి పోతది. అంటే మధ్యలో మూడు, నాలుగు గడపలున్నయి. వెబ్‌సైట్‌లో అప్లికేషన్ నంబర్, టెన్త్ హాల్‌టికెట్ నంబర్ లాంటి వివరాలు కొట్టి స్టేటస్ చూస్తే, వాడి అప్లికేషన్ కాలేజీ గడపే దాటలేదు. హార్డ్ కాపీలు జనవరి 6న ఇచ్చిండు, మార్చి 10 వరకు కాలేజీ వాళ్లు ఫార్వర్డ్ చేయలేదు.

ఇక్కడ ఆగి ఆలోచించండి. వాడు రెండు వారాలు ఎదురుచూసింది సంక్షేమ శాఖ జవాబు కోసం. వాళ్ల చేతుల్లో ఆ ఫైలే లేదు. "నీడ్‌ఫుల్" రాసినంతసేపు ఈ సంగతి బయటపడదు. ఎందుకంటే ఆ మాట రాయాలంటే మనకు ఏమీ తెలియనక్కర్లేదు. నా దృష్టిలో ఈ మాట చేసే అసలు నష్టం ఇదే. అవతలివాళ్లకు అర్థం కాకపోవడం తర్వాతి సంగతి. మన పని ఎక్కడ ఆగిందో మనల్నే కనుక్కోనివ్వదు.

మూడు ప్రశ్నలకు జవాబులు దొరికినంక మెయిల్ దానంతటదే వచ్చింది. ఈసారి సంక్షేమ శాఖకు కాదు, కాలేజీ స్కాలర్‌షిప్ సెక్షన్‌కు పంపినం. సబ్జెక్ట్ లైన్: "ఎస్టీ స్కాలర్‌షిప్ అప్లికేషన్ నాట్ ఫార్వర్డెడ్", దాని పక్కనే రోల్ నంబర్. లోపల:

"డియర్ సర్, మై ఎస్టీ పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ అప్లికేషన్ ఈజ్ స్టిల్ పెండింగ్ ఎట్ ద కాలేజ్. ఐ గేవ్ ద హార్డ్ కాపీస్ టు ద స్కాలర్‌షిప్ సెక్షన్ ఆన్ 6 జనవరి. ఐ చెక్డ్ ద ఈపాస్ స్టేటస్ టుడే, 10 మార్చ్, అండ్ ఇట్ హాజ్ నాట్ బీన్ ఫార్వర్డెడ్.

కుడ్ యూ ప్లీజ్ ఫార్వర్డ్ ఇట్ బై 17 మార్చ్? ఇఫ్ ఎ డాక్యుమెంట్ ఈజ్ మిస్సింగ్, ప్లీజ్ టెల్ మీ విచ్ వన్. ఐ విల్ బ్రింగ్ ఇట్ ద నెక్స్ట్ డే.

ఐ హావ్ అటాచ్డ్ మై అప్లికేషన్ ప్రింటవుట్ అండ్ ద స్టేటస్ పేజ్. థాంక్ యూ."

కింద పేరు, కోర్సు, సంవత్సరం, రోల్ నంబర్, అప్లికేషన్ నంబర్, ఫోన్ నంబర్.

రెండు మెయిళ్లు పక్కపక్కన పెట్టి చూడండి. రెండోది మొదటిదాని కంటే చిన్నదేం కాదు, ఇంకా పెద్దదే. కాబట్టి "మోడర్న్ ఇంగ్లీష్ అంటే పొట్టిగా రాయడం" అనుకోవద్దు. మొదటిదాంట్లో వాక్యాలు నిండుగా ఉన్నయి గానీ సమాచారం లేదు. రెండోదాంట్లో ప్రతి వాక్యం ఒక పని చేస్తుంది. మొదటి వాక్యం సమస్య చెప్తుంది. తర్వాతి రెండు తేదీలు చెప్తయి. నాలుగోది ఏం కావాలో, ఎప్పటిలోగా కావాలో అడుగుతుంది. "ఇఫ్ ఎ డాక్యుమెంట్ ఈజ్ మిస్సింగ్" అన్న వాక్యం చూడండి, అది చాలా ముఖ్యం. అవతలివాళ్లు పని చేయలేకపోతే ఏం జవాబు ఇవ్వాలో కూడా మనమే దారి చూపిస్తున్నం. లేకపోతే వాళ్లు "ప్రాసెస్‌లో ఉంది" అని వదిలేస్తరు.

మర్నాడు జవాబొచ్చింది. ఇన్‌కమ్ సర్టిఫికెట్ జిరాక్స్ మీద నంబర్ చదవరాకుండా ఉందట. అంతే. జనవరి నుంచి ఆగింది దానికే. ఇంకో కాపీ ఇస్తే ఆ వారంలోనే ఫార్వర్డ్ అయ్యింది. డబ్బులు వెంటనే పడ్డయని చెప్పను, పడలేదు. మంజూరు, బడ్జెట్ విడుదల మన మెయిల్ చేతిలో లేవు. ఎంత మంచి ఇంగ్లీష్ రాసినా ట్రెజరీలో లేని డబ్బు రాదు. కానీ ఫైలు ఎక్కడుందో తెలిసింది, ఒక గడప దాటింది. లెటర్ చేయగలిగింది అంతవరకే, ఆ అంతవరకైనా చేయాలి కదా.

ఇప్పుడు "నీడ్‌ఫుల్"కు తోడుగా తిరిగే ఇంకో మూడు మాటల గురించి.

మొదటిది "ఎట్ ది ఎర్లియెస్ట్". వినడానికి తొందర ఉన్నట్టే ఉంటది. కానీ ఆఫీసులో పనులు తేదీని బట్టి లైన్‌లో నిలబడతయి. తేదీ లేనిది లైన్ చివరికి పోతది. అందుకే తేదీ రాయాలి, వీలైతే కారణం కూడా. "ఐ నీడ్ ద బోనఫైడ్ సర్టిఫికెట్ బై 20 జూన్ బికాజ్ ద హాస్టల్ అడ్మిషన్ క్లోజెస్ ఆన్ 22 జూన్" అంటే చదివేవాళ్లకు ఎందుకు తొందరో తెలుస్తది. తేదీ పెడితే ఆర్డర్ వేసినట్టు ఉంటదని కొందరు భయపడతరు. "కుడ్ యూ ప్లీజ్" ముందు పెట్టి, కారణం వెనక పెడితే ఎవరికీ ఆర్డర్‌లాగా అనిపించదు.

రెండోది "రివర్ట్". ఇంగ్లీష్‌లో దాని మామూలు అర్థం పాత స్థితికి తిరిగి పోవడం. మన దేశంలో, సింగపూర్, మలేషియాల్లో ఆఫీసులోళ్లు దాన్ని జవాబివ్వడం అన్న అర్థంలో వాడతరు, ఒకరికొకరు అర్థం చేసుకుంటరు. కానీ అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఉన్న క్లయింట్‌కు "ప్లీజ్ రివర్ట్" అని పంపితే, చేసిన మార్పుల్ని వెనక్కి తీసేయమంటున్నారేమో అనుకునే ప్రమాదం ఉంది. సాఫ్ట్‌వేర్ పనిలో "రివర్ట్" అంటే సరిగ్గా అదే. "ప్లీజ్ రిప్లై" అంటే ఎవరికైనా ఒకటే అర్థం.

మూడోది "డౌట్". తెలుగులో "సందేహం" అంటే తెలియనిది అడగడమూ అవుతది, నమ్మకం లేకపోవడమూ అవుతది. క్లాసులో "సార్, డౌట్" అంటే సార్‌కు అర్థమైతది. కానీ బయటి దేశపు మేనేజర్‌కు "ఐ హావ్ ఎ డౌట్ అబౌట్ యువర్ రిపోర్ట్" అని రాస్తే, నీ రిపోర్ట్ మీద నాకు నమ్మకం లేదు అన్నట్టు వినిపిస్తది. మనం అడగాలనుకున్నది ఒక చిన్న ప్రశ్న, వాళ్లకు తగిలింది అనుమానం. "ఐ హావ్ ఎ క్వశ్చన్ అబౌట్ యువర్ రిపోర్ట్" అంటే సరిపోయే.

దీనర్థం మన ఇంగ్లీష్ అంతా తప్పని కాదు. "ప్రీపోన్" మన దగ్గర పుట్టిన మాటే అంటరు, ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీలోనే ఉంది. పోస్ట్‌పోన్ తెలిసిన ఎవరికైనా దాని అర్థం ఇట్టే తెలుస్తది. పెట్టుకోవాల్సిన పరీక్ష ఒకటే. ఈ మాట చదివిన మనిషికి తర్వాత ఏం చేయాలో తెలుస్తుందా? తెలిస్తే ఉంచండి, తెలియకపోతే తీసేయండి. ఎవరి ఇంగ్లీష్ అన్నది అడగనే అక్కర్లేదు.

ఇప్పుడు నాకు ఎప్పుడూ ఎదురయ్యే వాదన ఒకటుంది. మా సీనియర్ అన్న ఒకాయన అన్నడు: "నువ్వు చెప్పేది బాగనే ఉంది రా తమ్మీ. కానీ మనోళ్లు 'రెస్పెక్టెడ్', 'కైండ్లీ', 'ఒబీడియంట్లీ' లేకుండా రాస్తే, వీడికి పొగరు అంటరు. పెద్దింటి పిల్లలు రాస్తే స్మార్ట్ అంటరు, మనం రాస్తే తలపొగరు అంటరు." ఈ మాటలో నిజముంది. ఆఫీసు బెంచీ మీద పొద్దంతా కూర్చున్నవాళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. కాబట్టి దీన్ని తేలిగ్గా తీసేయను.

నా జవాబు ఏందంటే, పెంకు ఉంచండి, లోపలి గింజ మార్చండి. సర్కారు ఆఫీసుకు రాసేటప్పుడు "టు", "త్రూ", "సబ్జెక్ట్", "రిఫరెన్స్" అన్న వరుస అట్లాగే ఉంచండి. అది ఊరికే పెట్టిన అలంకారం కాదు, మన కాగితం ఏ ఫైల్లో పడాలో చెప్పేది అదే. "రెస్పెక్టెడ్ సర్" అనాలనిపిస్తే అనండి, నష్టం లేదు. "యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ" ఇప్పటికీ సర్కారు ఉత్తరాల్లో నడుస్తది. కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణికి అర్జీ పట్టుకుపోయేటప్పుడు కూడా అంతే. కానీ మధ్యలో ఉండే నాలుగు వాక్యాల్లో ఎవరు, ఏం, ఎప్పటిలోగా అన్నవి ఉండాలి. గౌరవం "ప్లీజ్"లో ఉంది, "థాంక్ యూ"లో ఉంది, అవతలి మనిషి మన నంబర్ కోసం వెతుక్కోకుండా చేయడంలో ఉంది. నంబర్ లేని కాగితం మీద పది "కైండ్లీ"లు రాసినా ఆ క్లర్క్ పని తగ్గదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ మొదటి మెయిల్‌లో "ఐ బిలాంగ్ టు ఎ పూర్ ట్రైబల్ ఫ్యామిలీ" అన్న వాక్యం ఉంది. రెండోదాంట్లో లేదు. ఎందుకు తీసేసినం? స్కాలర్‌షిప్‌కు అర్హత ఏందో రూల్స్‌లో ఉంది. కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ జత చేసే ఉన్నయి. అర్హత కాగితం మీద రుజువై ఉన్నప్పుడు మళ్లీ పేదరికాన్ని వాక్యంగా రాసి చేతులు కట్టుకోనక్కర్లేదు. మనం అడిగేది దయ కాదు, మన పేరు మీద ఉన్న ఒక దరఖాస్తు తర్వాతి గడపకు పోవాలని. దయ అడిగే భాషలో తేదీ పెట్టలేం, హక్కు అడిగే భాషలోనే తేదీ పెట్టగలం. చట్టం కూడా ఇదే దారిలో ఉంది. 2005 సమాచార హక్కు చట్టంలో సెక్షన్ 6(2) ప్రకారం, సమాచారం ఎందుకు కావాలో దరఖాస్తుదారు కారణం చెప్పక్కర్లేదు. మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి. కానీ ఏ సమాచారం కావాలో మాత్రం మనం స్పష్టంగా చెప్పాలి. "మా ఊరి రోడ్డు గురించి పూర్తి వివరాలు ఇచ్చి తగు చర్యలు తీసుకోగలరు" అని ఆర్టీఐ పెడితే ఏం ఇవ్వాలో వాళ్లకు తెలియదు, తప్పించుకోవడానికి సందు కూడా దొరుకుతది. "ఫలానా పని అంచనా ప్రతి, కొలతల పుస్తకం ప్రతి ఇవ్వండి" అంటే తప్పించుకోవడం కష్టం.

ఇంటర్వ్యూలకు పోయేవాళ్ల కోసం ఒక ఉదాహరణ. కంపెనీ హెచ్ఆర్ నుంచి మెయిల్ వచ్చింది, ఏప్రిల్ 22న పొద్దున 10 గంటలకు ఆన్‌లైన్ ఇంటర్వ్యూ. అదే రోజు 10 నుంచి 1 వరకు మీకు సెమిస్టర్ పరీక్ష. చాలామంది రాసేది: "ఐ యామ్ హావింగ్ ఎగ్జామ్ ఆన్ దట్ డే. కైండ్లీ అడ్జస్ట్ అండ్ డూ ద నీడ్‌ఫుల్." ఇది చదివిన హెచ్ఆర్‌కు మీరు ఎప్పుడు ఖాళీగా ఉంటరో తెలియదు. ఆమె అడగాలి, మీరు చెప్పాలి, ఈలోపు ఆ స్లాట్లు వేరేవాళ్లకు పోతయి. ఇట్లా రాసి చూడండి:

"థాంక్ యూ ఫర్ ద ఇంటర్వ్యూ కాల్. ఐ హావ్ ఎ సెమిస్టర్ ఎగ్జామ్ ఆన్ 22 ఏప్రిల్ ఫ్రమ్ 10 టు 1. కుడ్ వీ మీట్ ఎట్ 2.30 దట్ ఆఫ్టర్‌నూన్, ఆర్ ఎట్ ఎనీ టైమ్ ఆన్ 23 ఏప్రిల్? ఇఫ్ నైదర్ వర్క్స్, ప్లీజ్ టెల్ మీ విచ్ స్లాట్స్ ఆర్ ఓపెన్."

ఆమె చేయాల్సింది రెండింట్లో ఒకటి ఎంచుకోవడమే. ఒక్క లైన్‌లో జవాబు ఇవ్వగలదు. చూడండి, ఇందులో డిక్షనరీ తీయాల్సిన పెద్ద మాట ఒక్కటి కూడా లేదు. మన ఇంట్లో గోండీనో కోయో మాట్లాడి, బళ్లో తెలుగు నేర్చుకుని, ఇంగ్లీష్‌కు మూడో భాషగా వచ్చినోళ్లం మనం. చాలామందికి ఇంగ్లీష్ అంటే భయం, భయం వల్లే పెద్ద మాటల వెనక దాక్కుంటం. కానీ ఇక్కడ మనకు కావాల్సింది ఇంటర్‌లో వచ్చిన ఇంగ్లీషే. కష్టమంతా మాటల్లో లేదు, ముందు విషయం తేల్చుకోవడంలో ఉంది. అది గోండీలో ఆలోచించినా తేలుతది, తెలుగులో ఆలోచించినా తేలుతది.

ఒక హెచ్చరిక కూడా. పాత నీడ్‌ఫుల్ వదిలేసి కొత్త నీడ్‌ఫుల్ పట్టుకోవద్దు. ఇప్పుడు కార్పొరేట్ ఆఫీసుల్లో "సర్కిల్ బ్యాక్", "టచ్ బేస్", "సినర్జీ" అని తిరుగుతున్నయి. "లెట్స్ సర్కిల్ బ్యాక్ ఆన్ దిస్" అన్నప్పుడు కూడా ఎవరు, ఏం, ఎప్పుడు అన్నది ఎవరికీ తెలియదు. సూటు మారింది, లోపలి మనిషి అదే. అట్లాగే మోడర్న్ అని చెప్పి "హే", "ఏఎస్ఏపీ", "పీఎల్ఎస్" అని వాట్సాప్‌లో రాసినట్టు మెయిల్ రాయొద్దు. "సెండ్ ఇట్ టుమారో" అని ముక్కు మీద గుద్దినట్టు రాయడం కూడా స్పష్టత కాదు. ముందు "కుడ్ యూ ప్లీజ్" ఉంటేనే అది మనిషి మనిషితో మాట్లాడినట్టుంటది.

చివరగా ఒక ప్రతిపాదన, గ్రూపులో అందరూ ఆలోచించండి. ఈ అలవాటు మొదలయ్యేది ఆశ్రమ పాఠశాల లీవ్ లెటర్ దగ్గర కాబట్టి, మార్చాల్సింది కూడా అక్కడే. సెలవులకు ఊరికి పోయినప్పుడు మన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు లీవ్ లెటర్ ఇట్లా నేర్పుదాం: "డియర్ సర్, ఐ హావ్ ఫీవర్ అండ్ కెనాట్ కమ్ టు స్కూల్ ఆన్ 4 అండ్ 5 ఆగస్ట్. ప్లీజ్ గివ్ మీ లీవ్ ఫర్ దీజ్ టూ డేస్. ఐ విల్ కమ్ బ్యాక్ ఆన్ 6 ఆగస్ట్. థాంక్ యూ." ఏమైంది, ఏ రోజులు, ఏం కావాలి, ఎప్పుడొస్తా. ఎనిమిదో తరగతి పిల్ల కూడా సొంతంగా రాయగలదు. జ్వరానికి బదులు జాతర అయితే "సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్" అని అబద్ధం రాయకుండా జాతర అనే రాయగలదు. పదేళ్ల తర్వాత ఆ పిల్ల స్కాలర్‌షిప్ సెక్షన్‌కు మెయిల్ రాసేటప్పుడు ఎవరు, ఏం, ఎప్పటిలోగా అన్నది ఎవరూ చెప్పకుండానే రాస్తది.

మీ దగ్గర ఆగిపోయిన అర్జీ, మెయిల్ ఏదైనా ఉంటే అందులో పేర్లు, నంబర్లు తీసేసి ఇక్కడ పెట్టండి. "నీడ్‌ఫుల్" ఉన్న చోట మూడు ప్రశ్నలు పెట్టి అందరం కలిసి తిరగరాద్దాం. జోహార్.